రఫ్ కట్ చూసినంక ఎడిటర్‌కు రాసిన ఉత్తరం: షార్జా రూమ్, కోరుట్ల ఇల్లు

తమ్మీ,

మన డాక్యుమెంటరీ రఫ్ కట్ `R1` చూసిన. 34 నిమిషాలొచ్చింది, మనకు 22 కావాలె. అయినా నిడివి గురించి తక్కువ రాస్తున్న. ఎక్కువ రాసేది 11వ నిమిషంల మొదలయ్యే ఫోన్ సీన్ గురించే, షార్జా రూమ్‌ల ఉన్న ఆయన కోరుట్ల ఇంట్ల ఉన్న భార్యతోని మాట్లాడేది. అది నిలబడ్డదంటే, మిగిలినవాటిల ఏది ఉండాలె, ఏది పోవాలె అన్నది మనకే తెలుస్తది.

ఇక్కడి అంకెలన్నీ నువ్వు బొమ్మ మూలకు వేసి పంపిన టైమ్‌కోడ్‌వి, ప్లేయర్ కింద నడిచే గడియారంవి కావు. చివరి రెండంకెలు ఫ్రేములు. మన టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములది కాబట్టి 10 అంటే అరసెకను కంటె జర తక్కువ. `R1`ను ముట్టకుండ ఉంచి కాపీ మీద పని చెయ్యి. చదివేటప్పుడు మొదటి నుంచి చదువు గానీ, చేసేటప్పుడు చివరి నోట్ నుంచి వెనక్కు రా. 2వ నిమిషంల ఆరు సెకన్లు ముందే తీసేస్తే, దాని తర్వాతి అంకెలన్నీ ఆరు సెకన్లు జరిగిపోతయి.

00:02:10:00 – 00:03:05:00. ఎండల పనోళ్లు నీడకు కూసున్న షాట్ల మీద, "మధ్యాహ్నం పని ఆపాలని చట్టం" అనే మాట వస్తది. యూఏఈల ఆ నిబంధన జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకానే, అదీ పన్నెండున్నర నుంచి మూడింటి దాకా. మనం తీసింది అక్టోబర్ చివర్ల. ఆళ్లు కూసున్నది చట్టం ఇచ్చిన విరామంల కాదు, మామూలు తిండి టైమ్‌ల. ఆ వాయిస్ తీసెయ్యి, బొమ్మ చాలు. క్యాంపులల్ల ఉన్నోళ్లు ఇది చూస్తే మొదట పట్టుకునేది గీ తప్పునే.

00:06:40:12. బస్సు ఎక్కేటప్పుడు ఒకాయన జాకెట్ మీద కంపెనీ గుర్తు కనిపిస్తది. నువ్వు బ్లర్ పెట్టినవ్, కానీ ఆయన తల తిప్పంగనే 14 ఫ్రేములు అది జారింది. ఎవలన్న ఆపి చూడడానికి ఒక్క ఫ్రేము చాలు. ఆ షాట్ 4కేల ఉన్నది, మన టైమ్‌లైన్ హెచ్‌డీ. 130 శాతానికి పెంచి గుర్తును ఫ్రేము బయటికి నెట్టు, బొమ్మ చెడది. వెనక సీట్ల కూసున్న ఇద్దరిని మనం అడగలే. అక్కడ అనుమతి లేకుండ మనిషిని తియ్యడం నేరం కిందికి వస్తది. వాళ్లు కూడ బయటికి పోవాలె, పోకపోతే షాటే వద్దు.

ఇగ ఫోన్ సీన్. 00:11:20:00 – 00:14:48:00.

మొదలు గడియారాల సంగతి. రూమ్‌ల తొమ్మిది చూపిస్తది, ఇంట్ల గోడ గడియారం పదిన్నర. మనం గంటన్నర ముందు కాబట్టి రెండూ నిజమే. కానీ ఎక్కడా చెప్పకపోతే, రెండు వేరే రాత్రుల ఫుటేజ్ అతికించిన్రనుకుంటరు. ఒక్కో చోటు మొదటిసారి వచ్చినప్పుడు "షార్జా, రాత్రి 9:00", "కోరుట్ల, రాత్రి 10:30" అని మూడు సెకన్లు వెయ్యి. మళ్ల మళ్ల వద్దు.

00:11:52:08 నుంచి. ఎవలు మాట్లాడితే వాళ్ల మొఖానికి పోతున్నవ్. మాట అటు, మొఖం అటు; విన్నోళ్లకు ఏమైతున్నదో తెలుస్తలేదు. ఆమె చాటల ఆకు పెట్టుకొని బీడీలు చుడుతున్నది కదా, ఆ కత్తెర చప్పుడును రూమ్ షాట్ మీదనే ఒక సెకను ముందు మొదలుపెట్టు, తర్వాత ఇంటికి కట్ చెయ్యి. కొడుకు ఫీజు మాట ఆయన ఎత్తంగనే కత్తెర ఆగుతది. అప్పుడు మనం ఆమె చేతుల మీద ఉండాలె; నువ్వు ఆయన మొఖం మీద ఉన్నవ్.

ఇదే చోట ఇంకో తప్పున్నది, జర పెద్దది. బొమ్మ రూమ్‌ల ఉన్నప్పుడు కూడ, ఇంట్ల మైకుతోని తీసిన ఆమె గొంతు పెట్టినవ్. అది శుభ్రంగున్నది, నిజమే. కానీ ఆమె ఆ మంచం పక్కనే కూసున్నట్టు వినబడుతున్నది. రూమ్ షాట్ మీద ఫోన్ స్పీకర్ల నుంచి వచ్చిన పలచని గొంతే ఉండాలె, ఆ షాట్ సొంత ఆడియోల అది ఉన్నది. అట్ల చేస్తే నెట్ ఆలస్యం కూడ తిరిగొస్తది: ఆయన అడిగినంక జవాబుకు దాదాపు సెకను పడుతది. దాన్ని నువ్వు డెడ్ స్పేస్ అనుకొని కత్తిరించినవ్. ఆ సెకను లేకపోతే, ఇద్దరు పక్క గదులల్ల కూసొని మాట్లాడినట్టున్నది.

00:12:40:00. ఇక్కడికొచ్చేసరికి పెదవులు మాటకంటె 5 ఫ్రేములు వెనకున్నయి. క్లిప్ మొదట్ల సరిగనే ఉన్నది, పోంగపోంగ తేడా పెరిగింది. మొదటి నుంచి ఒకటే తేడా ఉంటే క్లిప్‌ను జరిపితే సరిపోతుండె. పెరుగుతున్నదంటే కారణం ఫోన్: అది సెకనుకు ఫ్రేములను ఒకే లెక్కన తియ్యది, వెలుతురు తగ్గితే తగ్గిస్తది. టైమ్‌లైన్ల సాగదీసి సరిచెయ్యకు. అసలు ఫైల్‌ను ముందు స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చి, దాన్నే మళ్ల పెట్టు:

```
ffmpeg -i call.mp4 -vf fps=25 -c:v libx264 -crf 16 -c:a pcm_s16le call_cfr.mov
```

30 నుంచి 25కు వచ్చేటప్పుడు కొన్ని ఫ్రేములు పోతయి. కెమెరా తిరిగే షాట్లల్ల అది కుదుపుగా కనిపిస్తది. ఈ షాట్ కదలది కాబట్టి ఫికర్ లేదు.

00:13:05:00 – 00:13:31:00. ఇక్కడ కోసింది తిరిగి పెట్టాలె. ఆయన లెక్క చెప్పుతడు: జీతం 1,200 దిర్హమ్‌లు, మెస్‌కు 350, ఫోన్‌కు 50, మిగిలేది 800. నువ్వు అక్కడ ఆపి ఆయన నిట్టూర్పుకు పోయినవ్. దాని తర్వాతి మాటల్లనే అసలు సంగతున్నది: వీసా కోసం తెచ్చిన లక్షాయాభై వేలు, నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే నెలకు 3,000 మిత్తికే పోతయి, అసలు అట్లనే ఉంటది. ఇది వినకపోతే ఆయన ఎందుకు సెలవు పెట్టి వస్తలేడో చూసేటోళ్లకు తెల్వది. ఉత్తగ బాధపడే మనిషి కనిపిస్తడు. రెండు జంప్ కట్లు పడ్డా పర్వాలేదు, వాటిని ఆమె దారం చుట్టే షాట్‌తోని కప్పు. దిర్హమ్‌లను రూపాయలల్లకు మార్చే గ్రాఫిక్ మాత్రం వెయ్యకు, రేటు మారుతనే ఉంటది.

00:14:02:15. "మరి ఎప్పుడొస్తవ్?" అని ఆమె అడుగుతది. నువ్వు 8 ఫ్రేములకే కట్ చేసి, మీదికెళ్లి వయొలిన్ ఎక్కించినవ్. మ్యూజిక్ మొత్తం తీసెయ్యి. అసలు క్లిప్ల ఆయన నాలుగు సెకన్లు ఏమనడు, తర్వాత దుప్పటి సర్దుకుంటడు. ఆ సర్దుడు అయ్యేదాక ఆగు.

మ్యూజిక్ పోతే కింద ఏసీ మోత బయటపడుతది, కట్ కట్‌కు అది మారుతది. అందుకే రూమ్ ఖాళీగ ఉన్నప్పుడు 30 సెకన్ల శబ్దం పట్టినం, `ROOM_TONE_02` ఫోల్డర్ల ఉన్నది. సీన్ పొడుగునా దాన్ని కింద పరిచి, ప్రతి ఆడియో కట్ దగ్గర 4 నుంచి 6 ఫ్రేముల క్రాస్‌ఫేడ్ ఇయ్యి. నాయిస్ తీసే ఫిల్టర్ గట్టిగ వాడకు. మోత పోతది గానీ గొంతు నీళ్లల్ల నుంచి వచ్చినట్టయితది.

బాత్రూం దగ్గరి షాట్ల, 00:14:30:00, నల్ల చారలు పైకి పాకుతున్నయి. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్, ఫోన్ షట్టర్ 1/60 మీద ఉండె. ఎడిట్ల పూర్తిగ పోదు. ఆ షాట్ తీసెయ్యి. అదే చోట మళ్ల తీసేటప్పుడు 1/50 పెట్టమని చెప్పిన.

నిడివికి: 00:16:05:00 – 00:21:40:00, ఏజెంట్ ఆఫీసు బోర్డులు, ఎయిర్‌పోర్ట్, విమానం అన్నీ పోవచ్చు. మిత్తి లెక్క వచ్చినంక వీటి పని లేదు. ఏజెంట్ రసీదు చేతిల పట్టుకున్న షాట్ ఒక్కటి ఉంచు, పేరు, నంబరు చెరిపి.

`R2`ను 720పీల, టైమ్‌కోడ్ వేసి పంపు. వాట్సాప్ల వీడియోగా కాకుండ డాక్యుమెంట్‌గా పెట్టు, లేకపోతే కుదించి ఫ్రేము అంకెలు మసక చేస్తది. ఫోన్ సీన్ ఒక్కటే ముందు అయినా సరే, అది పంపు. మిగిలింది తర్వాత.