ఓడిన చెస్ గేమ్‌ని చివరి నుంచి చదవడం: నా అనుభవం, శిష్యురాలికి రాసిన ఉత్తరంగా

తల్లీ,

నీ స్కోర్‌షీట్ మీ నాన్నగారు పెరంబూర్‌లో మా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లారు. పైన ఎర్ర పెన్నుతో "52వ ఎత్తులో ఏనుగులు మార్చుకున్నాను, అక్కడే పోయింది" అని రాశావు. కంప్యూటర్‌లో చెస్ ఇంజిన్ పెట్టకముందే ఇలా రాయమని నేనే చెప్పాను కదా, రాసినందుకు సంతోషం. ఆ మాట కాగితం మీద లేకపోతే రేపు ఇంజిన్ చెప్పింది చూసి "నాకు ముందే తెలుసు" అనుకుంటావు. నువ్వు నిజంగా ఏమనుకున్నావో నాకు తెలియాలంటే అది ఇంజిన్ చూడకముందే రాసి ఉండాలి.

రాత్రి భోజనాలయ్యాక బోర్డు వేసుకుని కూర్చున్నాను. ఓపెనింగ్ జోలికి పోలేదు. 31వ ఎత్తులో నువ్వు పోగొట్టుకున్న బంటు జోలికీ పోలేదు. నేను చూడాలనుకున్నది ఒక్కటే: డ్రా నీ చేతిలో నుంచి ఏ ఎత్తులో జారిపోయింది? దానికోసం గేమ్‌ని చివరి నుంచి వెనక్కి నడిపించాను. మొదటి నుంచి చూసుకుంటూ వస్తే నచ్చని ప్రతి ఎత్తూ తప్పులాగే కనిపిస్తుంది. చివరి నుంచి వస్తే ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ పొజిషన్ ఎవరైనా నా చేతికిస్తే డ్రా చేయగలనా?

52కి ముందు తెల్లవాళ్ల రాజు d4లో, ఏనుగు d8లో, బంటు e4లో ఉన్నాయి. నీ రాజు e6లో, ఏనుగు a5లో. ఆ తర్వాత నీ షీట్‌లో ఉన్నది ఇదీ:

```
52. Rd5    Rxd5+
53. exd5+  Kd6
54. Ke4    Kd7
55. Ke5    Ke7
56. d6+    Kd7
57. Kd5    Kc8
58. Kc6    Kd8
59. d7     Ke7
60. Kc7    1-0
```

60 దగ్గర చూడ్డానికేం లేదు, బంటు మంత్రి అయిపోతుంది, నువ్వు రిజైన్ చేశావు. ఒక ఎత్తు వెనక్కి వెళ్లాను. 59లో నీ రాజు d8లో ఉంది, వాళ్ల బంటు d7కి వచ్చింది. అక్కడ నీకున్న ఎత్తు ఒక్కటే, Ke7. వేరే గడి లేని చోట తప్పొప్పుల మాటే రాదు, అక్కడ ఆగకుండా దాటేయాలి. 58లో రెండు గడులున్నాయి, b8, d8. b8కి వెళ్తే బంటు నేరుగా d7, d8 అని నడిచిపోతుంది. d8కి వెళ్తే ఏమైందో నీ షీట్‌లోనే ఉంది. రెండూ ఓటమే కాబట్టి నువ్వు ఓడింది అంతకంటే ముందే అన్నమాట.

57 దగ్గర ఆగాల్సి వచ్చింది. తెల్ల రాజు d5లో, బంటు d6లో, నీ రాజు d7లో. ఎత్తు నీది. నీ రాజు వెళ్లగలిగే గడులు మూడు: c8, d8, e8. మూడింటినీ బోర్డు మీద ఆడి చూశాను. ఇక్కడ చాలామంది పిల్లలు ఒక తప్పు చేస్తారు. తమ ఎత్తు మంచిదని చూపించుకోవడానికి తెల్లవాళ్ల చేత నీరసంగా ఆడిస్తారు. నువ్వు రాసుకున్న లైన్‌లో ఎక్కడైనా ఎదుటివాడు ఏ బెదిరింపూ లేకుండా ఊరికే రాజును అటూ ఇటూ తిప్పుతున్నట్టు కనబడితే అక్కడ ఆగి, వాడి తరఫున ఇంకో ఎత్తు వెతుకు.

ముందు నువ్వు ఆడిన c8. తెల్ల రాజు c6కి వచ్చి నీకు సరిగ్గా ఎదురుగా, మధ్యలో ఒక్క గడి విడిచి నిలబడతాడు. ఎత్తు నీది, పక్కకి జరగక తప్పదు. బంటు d7కి వచ్చేస్తుంది. e8 దీనికి అద్దంలో బొమ్మ: తెల్ల రాజు e6కి వస్తాడు, నువ్వు d8కి వెళ్తావు, d7, Kc7, ఆపైన Ke7తో అయిపోతుంది.

ఇక d8. చూడ్డానికి మూడింట్లోకీ ఇదే భయంగా ఉంటుంది, రాజు బంటుకి ఎదురుగా గోడకి ఆనుకుని ఇరుక్కున్నట్టుంటుంది. కానీ ఆడి చూడు. తెల్ల రాజు e6కి వస్తే నువ్వు e8కి వెళ్తావు. c6కి వస్తే నువ్వు c8కి. రెండు వైపులా ఎదురు నిలబడేది నువ్వే, కదలాల్సింది వాళ్లు. d7తో చెక్ ఇస్తారు, నువ్వు d8కి వస్తావు. ఇప్పుడు వాళ్లు బంటుని కాపాడుకోవాలంటే రాజును d6కి తేవాలి, తెస్తే నీకు కదలడానికి గడి ఉండదు, చెక్ కూడా ఉండదు, స్టేల్‌మేట్, అంటే డ్రా. కాపాడకపోతే బంటు పోతుంది. వాళ్లు తొందరపడకుండా e5కో c5కో వెనక్కి తగ్గితే నువ్వు మళ్లీ d7కి వచ్చి కూర్చుంటావు. రాజు d5కి తిరిగొస్తే నువ్వు మళ్లీ d8కి. ఇలా ఎంతసేపైనా తిరగొచ్చు, వాళ్లకి దారి లేదు.

అంటే 57లో Kd8 ఒక్కటే డ్రా, మిగతా రెండూ ఓటమి. వెనక నుంచి వస్తుంటే డ్రా దొరికిన మొదటి చోటు ఇదే, కాబట్టి గేమ్ పోయిందీ ఇక్కడే.

ఇలా రాజుకి రాజు ఎదురు నిలబడే ఆపోజిషన్ నీకు తెలియదని నేననను. 55లో తెల్ల రాజు e5కి రాగానే నువ్వు e7కి వెళ్లి ఎదురు నిలబడ్డావు. 56లో చెక్ వస్తే d7కి వచ్చావు, అదీ సరైనదే. అక్కడ e8కి వెళ్లి ఉంటే Ke6తో అప్పుడే పోయేది. రాజు ఎదురుగా ఉన్నప్పుడు ఆపోజిషన్ నీకు కనబడుతోంది. రాజు ఇంకా రాకముందు, వాడు ఎటు వస్తే అటు ఎదురెళ్లడానికి వీలుగా బంటు గీత మీదే నేరుగా వెనక్కి తగ్గడం నీకు ఇంకా అలవాటు కాలేదు. తేడా అంతే, కానీ అర పాయింట్ పోయింది.

తర్వాత గడియారం లెక్క చూశాను. ప్రతి ఎత్తు పక్కన టైమ్ రాసే అలవాటు నీకు వచ్చింది, దానికి మాత్రం శభాష్. ఎత్తుకి 30 సెకన్లు కలిసే ఆటలో చివరి దాకా ఎత్తులు రాయక తప్పదు కాబట్టి, టైమ్ కూడా రాసి ఉంటే షీట్ మొత్తం కథ చెబుతుంది. 52కి ముందు నీ దగ్గర 14 నిమిషాలున్నాయి, ఏనుగులు మార్చేసరికి 5 మిగిలాయి. 56 తర్వాత 5:40 అని ఉంది. 57 తర్వాత 6:02. టైమ్ తగ్గలేదు, పెరిగింది. అంటే Kc8 మీద నువ్వు పెట్టింది 8 సెకన్లు.

52ని ఎందుకు నిందించావో అప్పుడు అర్థమైంది. నీకు టెన్షన్ పెట్టిన ఎత్తు అది. తొమ్మిది నిమిషాలు అక్కడ నలిగిపోయావు కాబట్టి ఓడాక మనసు నేరుగా అక్కడికే వెళ్లింది. 57 అసలు నిర్ణయంలాగే అనిపించలేదు నీకు, అందుకే గుర్తు కూడా లేదు. ఎర్ర పెన్ను మాటని, గడియారం అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడమనేది ఇందుకే. ఎక్కువ టైమ్ తిన్న ఎత్తు మీద మనకు అనుమానం ఎక్కువ. గబుక్కున ఆడేసిన ఎత్తు కళ్ల ముందున్నా కనబడదు.

అయినా 52ని ఊరికే వదల్లేదు, నువ్వు అంత గట్టిగా రాశావు కాబట్టి చూశాను. ఏనుగులు మార్చుకున్నాక తెల్ల రాజు d4లో, బంటు d5లో, నీ రాజు d6లో. బంటు తన రాజు కంటే ముందుంది, నీ రాజు ఆ బంటుకి ఎదురుగానే ఉంది. ఇది డ్రా. మార్పిడికి ముందు చూసుకోవాల్సింది ఇదే. అదే తెల్ల రాజు బంటుని దాటి ముందుకొచ్చి ఉంటే, ఉదాహరణకి రాజు d6లో, బంటు d5లో, నీ రాజు d8లో ఉంటే, ఎత్తు ఎవరిదైనా నువ్వు ఓడినట్టే. అప్పుడు మార్చుకోకూడదు. నీ గేమ్‌లో అలా లేదు. మార్చకుండా Ra4+ ఆడినా డ్రానే, కానీ ఏనుగులతో ఇంకా చాలాసేపు కాపలా కాయాలి, గడియారంలోనేమో అంత టైమ్ లేదు. నీ స్థానంలో ఉంటే నేనూ మార్చుకునేవాణ్ణే.

మన చెన్నైలోనే 2013 నవంబర్‌లో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడినప్పుడు ఐదో గేమ్, ఆరో గేమ్ రెండూ ఆనంద్‌కి ఏనుగుల ఎండ్‌గేమ్‌లోనే పోయాయి. ఆ రెండు గేమ్‌లనీ ఇలాగే చివరి నుంచి వెనక్కి నడిపించి చూడు, కానీ ఇప్పుడే కాదు. ముందు నీ గేమ్ పూర్తి చేయి.

ఇదంతా అయ్యాకే ఇంజిన్ పెట్టాను. 56 దాకా 0.00, అంటే సమానమని చూపించింది, 57 దగ్గర ఒక్కసారిగా తెల్లవాళ్ల వైపు ఎగిరిపోయింది. మన లెక్క సరిపోయింది. దానికి అంతవరకే పని. d8 ఎందుకు బతికిస్తుందో, c8 ఎందుకు చంపుతుందో అది మాటల్లో చెప్పదు. ముందే ఇంజిన్ పెట్టి ఉంటే నీకు "57...Kd8" అన్న ముక్క దొరికేది. వచ్చే నెల ఇదే పొజిషన్ f గీత మీద వస్తే నువ్వు గుర్తుపట్టేదానివి కాదు.

శనివారం వచ్చేలోపు ఒక పని చెయ్యి. తెల్ల రాజు d5లో, బంటు d6లో, నీ రాజు d7లో పెట్టి, తెల్లపావులు మీ తమ్ముడికిచ్చి, ఎత్తు నీది పెట్టుకుని ఆడు. వాడు ఎన్ని రకాలుగా ప్రయత్నించినా డ్రా చేయాలి. తర్వాత మొత్తం పొజిషన్‌ని ఒక్కో గీత పక్కకి జరుపు, b నుంచి g దాకా. a, h గీతలు వదిలెయ్. అంచు బంటుకి మూలలో నిలబడ్డా డ్రా వస్తుంది, అది వేరే లెక్క, ఇందులో కలిపితే గందరగోళం. ప్రతి గేమ్‌లో నీ రాజు వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు, చెయ్యి వేయకముందు, వాళ్ల రాజు ఎడమ వైపు వస్తే ఎక్కడికి వెళ్తావో, కుడి వైపు వస్తే ఎక్కడికి వెళ్తావో పైకి చెప్పు. నీ తమ్ముడు నవ్వినా సరే, చెప్పు.

షీట్ నా దగ్గరే ఉంచుకున్నాను. 31లో పోయిన ఆ బంటు సంగతి శనివారం చూద్దాం. దాని గురించి కూడా నువ్వేమనుకుంటున్నావో ముందే ఒక కాగితం మీద రాసి తీసుకురా, అదే ఎర్ర పెన్నుతో.

మీ మాస్టారు