వారానికి 20 గంటలే

ఉద్యోగ వేటకి వారానికి 20 గంటలు అని గీత గీసుకున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు. ఆ తర్వాత బెజవాడ ఎండకి మేడ మీది గదిలో బుర్ర ఎలాగూ పనిచేయదు లెండి.

ఇందులో అప్లికేషన్లకి ఎనిమిది గంటలు. ప్రకటన సరిగ్గా చదివి, వాళ్లడిగిన పనికి తగ్గట్టు రెజ్యూమె మార్చి పంపాలంటే ఒక్కోదానికి గంట పడుతుంది. అంటే వారానికి ఎనిమిదే. పాత కొలీగ్స్‌కి, సీనియర్లకి ఫోన్లు చేయడానికి ఐదు గంటలు, ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కి ఏడు. అసలు ఇంటర్వ్యూకే పిలవకపోతే రెజ్యూమెకి టైమ్ పెంచుతాను. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోతుంటే ప్రాక్టీస్‌కి. మొత్తం మాత్రం 20 దాటనివ్వను.

మెయిల్ ఒంటిగంటకే చూస్తాను. పొద్దున్నే ఒక రిజెక్షన్ కనిపిస్తే ఆ పూట రాసేదంతా నీరసంగా వస్తుంది. ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టను, హెచ్‌ఆర్ వాళ్లు ఎప్పుడు చేస్తారో తెలీదు కదా. ఒక కంపెనీకి రాసిన లెటర్‌లో ఇంకో కంపెనీ పేరు కనపడిందా, ఆ రోజుకి లాప్‌టాప్ మూసేయడమే.

"నాలుగు గంటలేనా?" అంటారు నాన్నగారు. మధ్యాహ్నం పడుకుంటే ఇంకా అంటారు.