ఏడున్నర షిఫ్టు, ఒక వార్నింగ్ లెటర్

"ఈ లెటర్‌లో మనం ఆధారం చూపించగలిగే వాక్యం ఏది?" ఇంగ్లండ్‌లో నేను డిప్యూటీ మేనేజర్‌గా పనిచేసే కేర్ హోమ్‌కి హెచ్ఆర్ నుంచి వచ్చిన మెయిల్‌లో ఉన్నది ఇంతే. డ్రాఫ్ట్ రాసింది మా మేనేజర్. తిరగరాసే పని మాత్రం నాకు పడింది.

లెటర్ ఒక తెలుగమ్మాయికి, డ్యూటీకి ఆలస్యంగా వస్తోందని. గుంటూరు వైపు నుంచి కేర్ వీసా మీద వచ్చింది, నన్ను అక్కా అంటుంది. ఉదయం షిఫ్టు ఏడున్నరకి. ఆమె వస్తేగానీ రాత్రంతా నిలబడ్డ నైట్ కేరర్ ఇంటికి వెళ్లలేదు, హ్యాండోవర్ అయితేగానీ ఎనిమిది గంటల మందుల రౌండ్ మొదలవదు. అందుకే మేనేజర్ కోపం నాకు అన్యాయంగా అనిపించలేదు. మన దగ్గరైతే సూపర్‌వైజర్ నలుగురిలో గట్టిగా తిడతాడు, మధ్యాహ్నం అదే మనిషి అన్నం తిన్నావా అని అడుగుతాడు, అక్కడితో అయిపోతుంది. ఇక్కడ మాట పెరగదు, కానీ కాగితం ఫైల్లో ఉండిపోతుంది. మొదట నాకు ఇదే ఎక్కువ క్రూరంగా తోచింది, ఇప్పటికీ పూర్తిగా మనసు ఒప్పుకోదు.

డ్రాఫ్ట్‌లో ఇలా ఉంది: "మీరు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు. మీకు బాధ్యత లేదు. మీ వల్ల అందరూ ఇబ్బంది పడుతున్నారు. ఇలాగే ఉంటే మీ స్పాన్సర్‌షిప్ సంగతి ఆలోచించుకోవాలి." చివరి వాక్యం చదివి నాకు ఒళ్లు మండింది. ఆ వీసా నిలబడేదే యజమాని స్పాన్సర్‌షిప్ మీద, ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే దేశం విడిచి వెళ్లాలి. ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి వచ్చిన పిల్లకి ఆ ఒక్క మాట చాలు, మిగతా లెటర్ ఇక కనిపించదు.

అసలు చిక్కు ఏమిటంటే ఆ అమ్మాయిని ఏమీ అడగకుండానే ఈ లెటర్ తయారైంది. ఇక్కడ ఏకాస్ అనే సంస్థ క్రమశిక్షణ చర్యలకి ఒక కోడ్ పెట్టింది. ముందు విషయం తేల్చుకోవాలి, ఆరోపణ ఏమిటో రాసి ఇవ్వాలి, మీటింగ్ పెట్టి చెప్పేది వినాలి, తోడుగా సహోద్యోగినో యూనియన్ మనిషినో తెచ్చుకునే హక్కు ఉందని చెప్పాలి, ఆ తర్వాతే వార్నింగ్. కారణం లేకుండా దాన్ని పక్కనపెడితే, కేసు ఓడిన యజమాని కట్టే పరిహారాన్ని ట్రిబ్యునల్ 25 శాతం దాకా పెంచవచ్చు.

మీటింగ్‌కి ముందు క్లాక్-ఇన్ రిపోర్ట్ తీశాం. "ఎప్పుడూ" అన్నది మార్చి నెలలో ఐదు రోజులని తేలింది. అందులో ఒక రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి వస్తానని ఆమె ముందే అడిగింది, సీనియర్ సరేనన్నట్టు రోటా పుస్తకంలో ఉంది. అది కొట్టేశాం. మిగతా నాలుగింటికి ఆమె చెప్పిన కారణం, రెండు బస్సులు మారాలి, మొదటిది ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది, తర్వాతది అరగంటకి. నిజమే. కానీ ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారీ ఫోన్ చేయలేదు, అదీ నిజమే. లెటర్‌లో రెండూ ఉండాలని నేను పట్టుబట్టాను.

చివరికి ఇలా వచ్చింది: "మీ షిఫ్టు 7.30కి. మీరు మార్చి 3న 7.52కి, 6న 7.48కి, 12న 8.05కి, 17న 7.50కి వచ్చారు. ముందుగా తెలియజేయలేదు. 12న మందుల రౌండ్ ఆలస్యంగా మొదలైంది. బస్సు మారడంలో ఇబ్బంది ఉందని మీరు చెప్పారు, దాన్ని పరిగణనలోకి తీసుకున్నాం. ఇకపై 7.30కి పనిలో ఉండాలి. ఆలస్యమయ్యేలా ఉంటే 7 లోపు డ్యూటీ ఫోన్‌కి చెప్పాలి. నాలుగు వారాల తర్వాత కలిసి మాట్లాడుకుందాం. ఈ మొదటి రాతపూర్వక హెచ్చరిక ఆరు నెలలు అమల్లో ఉంటుంది. ఈలోపు మళ్లీ జరిగితే తుది హెచ్చరిక ఇచ్చే అవకాశం ఉంది. ఈ నిర్ణయం మీకు సమ్మతం కాకపోతే ఐదు పనిదినాల్లో అప్పీల్ చేయవచ్చు."

బాధ్యత లేదన్న మాట పోయింది, ఎందుకంటే మనసులో ఏముందో క్లాక్ మెషిన్ చెప్పదు. స్పాన్సర్‌షిప్ మాట పోయింది, మొదటి వార్నింగ్‌లో దానికి చోటే లేదు. ఇది చదివిన మేనేజర్, లెటర్ మెత్తబడిపోయింది అన్నారు. నాకలా అనిపించలేదు. ముందుదానికి ఆ అమ్మాయి "ఎప్పుడూ కాదు" అని ఒక్క మాటతో జవాబు చెప్పేది. 8.05కి ఏం జవాబు చెబుతుంది?

అయినా ఒకటి నన్ను వదల్లేదు. "అందరూ ఇబ్బంది పడుతున్నారు" అని కోపంగా రాసినప్పుడు ఆ అందరిలో నైట్ కేరర్ కనబడలేదు. నిమిషాలు రాయడానికి కూర్చున్నాకే ఆమె క్లాక్-అవుట్ కూడా చూశాం. ఆ నాలుగు రోజులూ ఆగిన సమయానికి ఆమెకి జీతం పడలేదు, ఆమె అడగనూ లేదు. ఆ రిపోర్ట్‌నే పేరోల్‌కి పంపించాను, నెలాఖరు జీతంలో కలిపారు.