ఇంగ్లిష్ క్లాసులో నోట్స్: నామవాచకాలు మిగిలి క్రియలు జారిపోతే

తెలుగు మీడియం నుంచి వచ్చి గ్రూప్-1 లేదా సివిల్స్ ఇంగ్లిష్‌లో రాయబోయే వాళ్ల పాలిటీ నోట్స్ చూస్తే ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పేజీ నిండా పేర్లు, సంవత్సరాలు, ఆర్టికల్ నంబర్లే. ఎవరు ఎవరిని ఏం చేశారో ఉండదు. ‘గోలక్‌నాథ్, 1967, పార్లమెంట్, ఎఫ్ఆర్’ అని రాసుకుంటారు. నెల తర్వాత తెరిస్తే, ఆ కేసులో పార్లమెంటు గెలిచిందా ఓడిందా చెప్పలేరు.

దీనికి కారణం మన భాషే. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి చెవి దాని కోసం చివర ఎదురుచూస్తుంది. ఇంగ్లిష్‌లో కర్త వెంటనే క్రియ వచ్చేస్తుంది. మనం ఇంకా కర్త పేరు రాస్తుండగానే ‘కెనాట్ అమెండ్’ దాటిపోతుంది. పైగా ‘కాంట్’ అన్నప్పుడు చివరి టకారం చాలామంది నోట సరిగా పలకదు.

అందుకే క్రియకు మాట వద్దు, గుర్తు పెట్టండి. చేయగలదు అంటే ✓, చేయలేదు అంటే ✗, దారితీసింది అంటే →. ఈ మూడూ చాలు. రాజ్యాంగ సవరణ అధికారం, అంటే ఆర్టికల్ 368 మీద క్లాసు అనుకోండి. అసలు అంశం పార్లమెంటు ప్రాథమిక హక్కులను సవరించగలదా అన్నదే. దాన్ని పేజీ పైన ప్రశ్నగా ఒక్కసారి రాసేస్తే, కింద ప్రతి వరుసకూ గుర్తు ఒక్కటి సరిపోతుంది:

శంకరీ ప్రసాద్ 51 ✓
గోలక్‌నాథ్ 67 ✗ → 24వ సవరణ 71 ✓
కేశవానంద 73 ✓, కానీ మౌలిక స్వరూపం ✗

మీ పేజీలో ఇవి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, అంతే తేడా. మూడో వరుసలోని ‘కానీ’ని మాత్రం పొట్టిచేయకండి, పెద్ద అక్షరాల్లో రాయండి. 13 మంది జడ్జీలు, 7-6 తీర్పు అన్న వివరం పుస్తకంలో ఎలాగూ దొరుకుతుంది. దాని కోసం ఆ ‘కానీ’ని వదులుకుంటే నష్టం.

వేగం లెక్క కూడా ఇదే చెబుతుంది. లెక్చరర్ నిమిషానికి సుమారు 120 మాటలు మాట్లాడితే చేతిరాత 25 దాటడం కష్టం. అయిదింట ఒక మాటే కాగితం మీదికి వస్తుంది. ఆ ఒక్కటీ ఏదో ఎంచుకోవడానికి ఇంగ్లిష్ వాక్యమే సాయం చేస్తుంది. ‘ఆల్దో’తో వాక్యం మొదలైతే ముందు వచ్చేది పక్కన పెట్టదగిన మాట. పెన్ను ఆపి, కామా దగ్గర వచ్చే చిన్న విరామం తర్వాత రాయండి. ‘హౌఎవర్’ అంటే తిరకాసు, వెంటనే రాయాలి. ‘అన్‌లెస్’ వినిపిస్తే ఆ వరుస పక్కన షరతు అని చిన్న గీత పెట్టండి. తెలుగులో ‘తప్ప’ తర్వాత వస్తుంది కాబట్టి, ముందే వచ్చిన ‘అన్‌లెస్’ను మనం వదిలేస్తాం. అప్పుడు అర్థం తలకిందులవుతుంది.

పొట్టి రూపాలతో ఇంకో ప్రమాదముంది. పాలిటీలో ‘గవ్’ అని రాస్తే గవర్నమెంటా, గవర్నరా? రాష్ట్ర కార్యనిర్వాహక వర్గం పాఠంలో ఆ రెండూ ఒకే వాక్యంలో వస్తాయి. ‘కాన్‌స్ట్’ అంటే కాన్‌స్టిట్యూషనా, కాన్‌స్టిట్యుయెన్సీనా? మొదటి మూడు అక్షరాలతో పాటు చివరి అక్షరం కూడా ఉంచండి. గవర్నమెంటుకు చివర ట, గవర్నర్‌కు చివర ర. క్లాసుకు ముందే ఓ పదిహేను పొట్టి రూపాలు నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. క్లాసు మధ్యలో కొత్తవి పుట్టిస్తే వారం తర్వాత మీకే అర్థం కావు.

తెలియని మాట వినిపిస్తే స్పెల్లింగ్ కోసం తడుముకోవద్దు. విన్నట్టే తెలుగు లిపిలో రాయండి. ‘అబ్రిడ్జ్’ అని రాసుకుంటే సాయంత్రం ఆర్టికల్ 13(2) తెరిచినప్పుడు ఆ మాట దొరుకుతుంది, హక్కులను కుదించడం అని తెలుస్తుంది. ఇంగ్లిష్ నోట్స్‌లో తెలుగు అక్షరమేమిటని సిగ్గుపడక్కర్లేదు. శబ్దాన్ని పట్టడానికి మన లిపి చాలా మెరుగు.

ఏదైనా తప్పిపోతే రెండు వరుసలు ఖాళీ వదిలి, అప్పటి టైమ్ వేసి ముందుకు వెళ్లండి. పక్కవారి నోట్స్‌లోకి తొంగిచూస్తే తర్వాతి రెండు వాక్యాలు కూడా పోతాయి. ఆ టైమ్ ఉంటే క్లాసు అయ్యాక రికార్డింగ్‌లో గానీ స్నేహితుడి నోట్స్‌లో గానీ ఆ చోటు వెంటనే దొరుకుతుంది.

పేజీ ఎడమవైపు రెండున్నర అంగుళాలు ఖాళీగా ఉంచండి. క్లాసులో అక్కడ ఏమీ రాయొద్దు. అదే రోజు రాత్రి కుడివైపు చదివి, ఎడమవైపు ప్రశ్నలు రాయండి: ‘24వ సవరణ ఎందుకు అవసరమైంది?’ తర్వాత కుడివైపు చేత్తో మూసి, ప్రశ్నలు మాత్రమే చూసి 150 మాటల జవాబు ఇంగ్లిష్‌లో రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ నోట్స్‌లో వెతకండి. చాలాసార్లు అక్కడ గుర్తు లేని వరుస కనిపిస్తుంది. దాన్ని అప్పుడే పుస్తకం చూసి సరిచేయండి, వేరే రంగు పెన్నుతో. ఏది విన్నది, ఏది తర్వాత చేర్చింది తెలుస్తూ ఉండాలి.