రెండు నిమిషాలు దాటిన తరువాత

సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా నెదర్లాండ్స్‌కు వచ్చిన ఐదవ నెలలో, ఒక సమావేశంలో మా బృందానికి నాయకత్వం వహించే ఆమె నన్ను అందరి ముందూ ఒక ప్రశ్న అడిగారు. "ఈ పరీక్షలో లాగిన్ కావడానికి మీకు ఎంతసేపు పట్టింది?" ఇరవై సెకన్లు పట్టిందని నేను కొంత గర్వంగానే చెప్పాను. "అయితే మీరు వాడేవారి లాగిన్‌ను పరీక్షించలేదు, మీ లాగిన్‌ను పరీక్షించారు" అన్నారామె. ఆ మాటలో కోపం లేదు, కానీ మెత్తదనం కూడా లేదు. హైదరాబాద్‌లో అయితే మా లీడ్ నన్ను టీకి పిలిచి, ఇంటి సంగతులు రెండు అడిగి, ఆ తరువాతే అసలు విషయానికి వచ్చేవారు.

ఫిర్యాదు ఒక ఆసుపత్రి నర్సుల నుంచి వచ్చింది. డ్యూటీ పట్టిక చూడటానికి మా అప్లికేషన్ తెరిస్తే అది వారిని ఆసుపత్రి ఉమ్మడి లాగిన్ పేజీకి పంపుతుంది. అక్కడ పాస్‌వర్డ్ ఇచ్చి, ఫోన్‌కు వచ్చిన కోడ్ కొట్టి, తిరిగి మా పేజీకి రావాలి. కొందరికి తిరిగి వచ్చేసరికి "లాగిన్ విఫలమైంది" అని కనిపించేది, మళ్లీ నొక్కితే వెంటనే లోపలికి వెళ్లిపోయేవారు. రెండవసారి పని చేస్తోంది కదా అని చాలాకాలం ఎవరూ లోతుగా చూడలేదు. నిజానికి మొదటి ప్రయత్నంలోనే ఉమ్మడి లాగిన్ వద్ద వారి సెషన్ ఏర్పడి ఉండటం వల్ల, రెండవసారి పాస్‌వర్డ్ గాని కోడ్ గాని అడగకుండా క్షణంలో తిప్పి పంపేది, అందుకే తప్పు కనబడకుండా పోయేది.

కారణం ఒక చిన్న కుకీలో, అంటే బ్రౌజర్ దాచుకుని సర్వర్‌కు తిరిగి పంపే చిన్న సమాచారంలో, ఉంది. వాడేవారిని అవతలి పేజీకి పంపే ముందు మా సర్వర్ ఒక రహస్య విలువను కుకీలో దాచుతుంది, వారు తిరిగి వచ్చినప్పుడు అదే విలువ ఉందో లేదో సరిచూస్తుంది. వేరే సైటు నుంచి వచ్చేటప్పుడు కుకీని పంపాలా వద్దా అని చెప్పే `SameSite` ను ఆ కుకీకి మేము రాయలేదు. 2020 నుంచి క్రోమ్ అలాంటి కుకీని `Lax` గా భావిస్తుంది, అంటే వేరే సైటు నుంచి వచ్చే POST తో, ఫారం నింపి పంపినట్టు వచ్చే అభ్యర్థనతో, దానిని పంపదు. మా లాగిన్ జవాబు సరిగ్గా అలాంటి POST గానే తిరిగి వచ్చేది. అయితే పాత సైట్లు చెడిపోకుండా క్రోమ్ ఒక మినహాయింపు ఉంచింది: కుకీ పెట్టి రెండు నిమిషాలు దాటకపోతే పంపుతుంది. నా పాస్‌వర్డ్ బ్రౌజర్‌లోనే దాచి ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది. నర్సు ఫోన్ మాత్రం వార్డు చివరనున్న లాకర్‌లో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్, సఫారి ఈ `Lax` నియమాన్ని తమంతట తాము వర్తింపజేయవు కనుక వాటిలో ఎంత ఆలస్యమైనా తప్పు రాదు. కాబట్టి మూడు బ్రౌజర్లలోనూ "పాస్" అని నేను రాసినది అబద్ధం కాదు, కానీ అది ఇరవై సెకన్ల నిజం మాత్రమే.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించినది ఈ వేగం గురించే. హైదరాబాద్‌లో మేము తొందరపాటుతో అలా చేయలేదు. క్లయింటుకు తెల్లవారేసరికి నివేదిక వెళ్లాలి, వంద పరీక్షలు ముగించినవాడే పనిమంతుడు. నాకు ఇక్కడికి వచ్చే అవకాశం ఇచ్చినది కూడా ఆ వేగమే. దానినే ఇక్కడ లోపంగా ఎంచితే నాకు బాధ కలిగింది, ఇప్పటికీ అది పూర్తిగా న్యాయమని అనుకోను. అయినా మళ్లీ చూసుకుంటే, లాగిన్ అయ్యాక మనిషిని గుర్తుపట్టే టోకెన్ల విషయంలోనూ నేను అదే చేశాను. గంట గడువున్న టోకెన్‌ను పరీక్ష కోసం ఒక నిమిషానికి తగ్గించి, ఒకే ట్యాబ్‌లో అది సవ్యంగా పునరుద్ధరణ అవుతోందని రాసి ముందుకు సాగాను. అసలు గంట గడిచేలోగా మనిషి ల్యాప్‌టాప్ మూసి భోజనానికి వెళ్తాడు. తిరిగి తెరవగానే రెండు ట్యాబులు ఒకేసారి మేలుకుని, కొత్త టోకెన్ తెచ్చుకోవడానికి ఒకే రిఫ్రెష్ టోకెన్‌ను పంపుతాయి. ఒక్కసారి మాత్రమే చెల్లే టోకెన్ రెండవసారి వస్తే సర్వర్ దానిని దొంగతనంగా భావించి మొత్తం సెషన్‌ను రద్దు చేస్తుంది. ఇది కూడా నాకు తెలియలేదు, ఎందుకంటే నేను ఎన్నడూ ల్యాప్‌టాప్ మూయలేదు.

మర్నాడు కొత్త ప్రొఫైల్‌లో, పాత సెషన్ ఏదీ లేకుండా, క్రోమ్‌లో మొదలుపెట్టి ఉమ్మడి లాగిన్ పేజీపై రెండున్నర నిమిషాలు ఆగి కోడ్ కొట్టాను. తప్పు వచ్చింది. బ్రౌజర్ పంపినవాటిని చూపే నెట్‌వర్క్ ప్యానెల్‌లో, లాగిన్ తరువాత తిరిగి వచ్చే మా చిరునామా `/callback` కు వెళ్లిన POST లో మా కుకీ లేదు, ఇరవై సెకన్లలో ముగించినప్పుడు ఉంది. అంతకంటే రుజువు అవసరం లేకపోయింది. డెవలపర్ చేసిన మార్పు ఇది:

```
Set-Cookie: login_state=...; Path=/callback;
  Secure; HttpOnly; SameSite=None
```

`None` అంటే వేరే సైటు నుంచి వచ్చినా కుకీని పంపమని. దీనికీ ఒక పరిమితి ఉంది. ఐఓఎస్ 12 లోని సఫారి `None` ను `Strict` గా, అంటే వేరే సైటు నుంచి వస్తే అసలు పంపవద్దని, పొరబడుతుంది కనుక, వార్డులో పాత ఐప్యాడ్ ఏదైనా మిగిలి ఉంటే దానిలో రెండు నిమిషాలు కాదు, మొదటి క్షణం నుంచే లాగిన్ విఫలమవుతుంది. అందుకని ఆ పరికరాల జాబితా అడిగి తెప్పించుకున్నాము.

మార్పు తరువాత మళ్లీ పరీక్షించేటప్పుడు ఆమె మరొక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. మూడు నిమిషాలూ ఏమీ మాట్లాడకుండా నాతో పాటే గడియారం చూశారు. తరువాత నేను కోడ్ కొట్టాను, కుకీ వెళ్లింది, పట్టిక తెరుచుకుంది. "సఫారిలో కూడా ఆగుదామా?" అని అడిగి, ఆమె మళ్లీ గడియారం వైపు తిరిగారు.