మూడో తప్పు

డిసెంబర్ సాయంత్రం. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో మా అమ్మాయి చదివే హైస్కూల్ ఈతకొలను మీద ఆవిరి లేస్తోంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ శాలువా కప్పుకుని నా పక్కన కూర్చుంది. వాటర్ పోలో ఆటకి ముందు రెఫరీ పిల్లలందరి గోళ్లూ చూసింది. అమ్మమ్మ పెట్టిన గోరింటాకుతో ఎర్రగా ఉన్న మా అమ్మాయి వేళ్ల చివర్లు తడిమి, బొటనవేలి గోరు కత్తిరించుకుని రమ్మంది. నీళ్లలో ఒకరి మీద ఒకరు పడి ఆడే ఆట, గోరు గీరుకుంటే రక్తమే.

ఒక్కో జట్టులో గోలీతో కలిపి ఏడుగురు. గోలీది ఎర్ర టోపీ. అడుగున కాలు మోపకూడదు కాబట్టి మజ్జిగ చిలికినట్టు కాళ్లు తిప్పుతూనే తేలాలి. గోలీ తప్ప ఎవరూ రెండు చేతులతో బంతి ముట్టకూడదు.

ఆట మొదలవగానే ఈల. పది సెకన్లకి మళ్లీ ఈల. "ఇన్ని తప్పులేంటే?" అంది అమ్మ. మొదటి ఏడాది నాకూ ఇదే టెన్షన్. అవి మామూలు ఫౌల్స్. ఎదుటి మనిషిని తోసినా, బంతి చేతిలో లేనివాళ్లకి అడ్డుపడినా, ఒత్తిడిలో బంతిని నీళ్లలోకి ముంచినా ఈల వేస్తారు. అవతలి వాళ్లకి ఫ్రీ త్రో ఇస్తారు, అంతే. ఎన్ని చేసినా ఎవరి పేరు మీదా రాయరు.

అయితే బంతి చేత్తో పట్టుకుని ఉన్నవాళ్ల మీద పడి లాగినా, ముంచినా ఫౌల్ కాదు. అందుకే మీద పడగానే బంతి వదిలెయ్యమని పిల్లలకి నేర్పుతారు. వదిలితే ఈల మనకి పలుకుతుంది. ఇది చెప్పాక అమ్మ, మా అమ్మాయి చెయ్యి మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది.

రెండో క్వార్టర్‌లో మా అమ్మాయి గోల్ ముందు సెంటర్ స్థానంలో ఉంది, వీపు మీద అవతలి అమ్మాయి. కొలను మూలన ఉన్న షాట్ క్లాక్ 30 నుంచి దిగుతోంది. ఆ 30 సెకన్లలో షాట్ కొట్టకపోతే బంతి అవతలి వాళ్లకి పోతుంది. 24 దగ్గర మామూలు ఫౌల్ అయింది. ఈల పడితే క్లాక్ ఆగుతుంది కానీ మళ్లీ 30కి పోదు, ఆగిన చోటు నుంచే నడుస్తుంది. ఫ్రీ త్రో తీసుకున్నారు, బంతి మళ్లీ సెంటర్ వైపు వచ్చింది. అది చేతికి అందకముందే వెనకమ్మాయి భుజం పట్టి వెనక్కి లాగింది.

ఈసారి రెఫరీ చెయ్యి కొలను మూల వైపు చూపించింది. అది పెద్ద ఫౌల్. బంతి లేని మనిషిని పట్టుకున్నా, ముంచినా, వెనక్కి లాగినా 20 సెకన్లు బయట. ఆ అమ్మాయి ఆటకి అడ్డం రాకుండా తన వైపు మూలకి ఈదాలి, దారిలో అడ్డొస్తే పెనాల్టీ. 20 సెకన్లు అయితేనో, గోల్ పడితేనో, తన జట్టుకి బంతి దొరికితేనో తిరిగి రావచ్చు. ఈలోగా ఆరుగురు దాడికి, ఐదుగురు కాపలాకి. మా వాళ్లు బంతిని మూడు చేతులు మార్చి, ఖాళీగా మిగిలిన కుడివైపు నుంచి గోల్ కొట్టారు.

నాలుగో క్వార్టర్‌లో కాపలా వంతు మా అమ్మాయిది. అప్పటికే తన పేరు మీద రెండు పెద్ద ఫౌల్స్ ఉన్నాయి. సెంటర్ వైపు బంతి గాల్లో ఉండగానే అవతలి సెంటర్ పిల్లని నడుం పట్టి లాగింది. బల్ల దగ్గర ఎర్రజెండా లేచింది. మూడోది పడితే ఇక ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, ఆ స్థానంలో వేరే వాళ్లు దిగాలి.

కార్లో టవల్ చుట్టుకుని కూర్చున్న దాన్ని అమ్మ అడిగింది: "ఏం తప్పు చేశావు బంగారం?"

తప్పు అన్న మాట దానికి ఇంట్లో ఒకలా వినిపిస్తుంది, కొలనులో ఇంకోలా. ఇంట్లో తప్పంటే తలదించుకోవాల్సింది. ఇక్కడ గోల్ పడిపోయేలా ఉంటే ఫౌల్ చేసి, 20 సెకన్లు ఒకరు తక్కువతో కాచుకోవడమే మేలని కోచ్‌లే చెప్తారు. నాకు అది మింగుడు పడటానికి ఒక సీజన్ పట్టింది.

"ఫౌల్ చెయ్యడం కాదు అమ్మమ్మా, ఆ టైమ్‌లో చెయ్యడం తప్పు" అంది. "షాట్ క్లాక్‌లో నాలుగు సెకన్లే ఉన్నాయి. నేను చూసుకోలేదు. చేతులు పైకెత్తి తన వెనకే ఉంటే చాలు, బంతి మాకే వచ్చేది."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత దాని చెయ్యి ఒళ్లోకి తీసుకుని, భుజం మీద ఎర్రగా తేలిన వేళ్ల గుర్తులు చూస్తూ అడిగింది: "ఆ గడియారం ఏ మూలన ఉంటుంది?"