నట్టు నట్టే కదండీ

“అక్కడ మిషన్లతో బిగించేవాళ్లకి మా చేతి సంగతి ఏం తెలుస్తుందండీ? నట్టు నట్టే కదండీ, ఆయ్!”

రావులపాలెంలో మా బావ కారు చూసిన ఓ మెకానిక్ ఫోన్‌లో నాతో అన్న మాట ఇది. మస్కట్‌లో టైర్ల షాపులో పొద్దస్తమానం చక్రాలు ఊడదీసి బిగించే నాకు గట్టిగానే తగిలింది. కానీ ఆయన్ని తేలిగ్గా తీసెయ్యలేను. జాకీ ఎత్తకుండానే, చప్పుడు విని ఏ చక్రమో చెప్పేశాడట. మా షాపులో అంత చెవి ఉన్నవాళ్లు లేరు.

మా బావ తన హోండా సిటీకి కంపెనీ చక్రాలు తీసేసి బయట కొన్న అలాయ్ వీల్స్ వేయించాడు. నట్లు మాత్రం పాతవే. అమలాపురం నుంచి రాజమండ్రి బయల్దేరితే రావులపాలెం వచ్చేసరికి ముందు ఎడమ చక్రం టక్ టక్‌మంది. నట్లు వేళ్లతోనే తిరిగిపోతున్నాయి. మెకానిక్ స్పానర్‌కి పైపు తొడిగి బలంగా బిగించాడు. బావ ఇల్లు చేరేలోపే మళ్లీ అదే చప్పుడు.

“ఒక నట్టు ఊడదీసి అడుగు చూపించు బావా” అన్నాను వీడియో కాల్‌లో. అడుగు భాగం బంతిలా గుండ్రంగా ఉంది. హోండా వాళ్ల నట్టు అలాగే ఉంటుంది, దానిలో తప్పేమీ లేదు. కంపెనీ చక్రంలో నట్టు కూర్చునే గుంట కూడా అదే గుండ్రంతో ఉంటుంది. బయట కొనే అలాయ్ చక్రాల్లో ఎక్కువగా ఉండేది 60 డిగ్రీల కోన్ గుంట, అంటే తిన్నని వాలు. మర మాత్రం రెండింటికీ ఒకటే, 12 మిల్లీమీటర్లు, పిచ్ అంటే మర గీతల మధ్య దూరం 1.5. అందుకే నట్టు హాయిగా ఎక్కేస్తుంది, బిగుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

గరాటులో నిమ్మకాయ వేస్తే చుట్టూ ఒక్క గీత మీదే ఆనుతుంది కదా, ఇదీ అంతే. నట్టు ఎక్కే మరల కడ్డీని స్టడ్ అంటాం, అది లాగితే వచ్చే బలమంతా సన్నని గీత మీద పడుతుంది. హోండా చెప్పిన 108 న్యూటన్ మీటర్ల బిగువుకి బిగిస్తే ఒక్కో స్టడ్ సుమారు 4 టన్నుల బలంతో చక్రాన్ని దాని వెనకుండే హబ్‌కి అదుముతుంది. కారుని మోసేది నట్టు కాదు, ఆ అదుము వల్ల పుట్టే రాపిడి. అంత బలానికీ స్టడ్ సాగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు! గీత కింద మెత్తని అల్యూమినియం అందులో సగం అణిగినా అదుము దాదాపు సగానికి పడిపోతుంది. ఇక చక్రం హబ్ మీద కొద్ది కొద్దిగా జరుగుతూ నట్టుని వెనక్కి తిప్పేస్తుంది. అప్పటికీ ఆపకపోతే స్టడ్ అలసిపోయి విరుగుతుంది. పైపుతో బిగిస్తే గీత ఇంకా లోతుకి దిగుతుంది, స్టడ్ కూడా సాగిపోవచ్చు.

అడుగు చదునుగా ఉండే ఫ్లాట్ నట్టుదీ ఇలాంటి గొడవే. టొయోటా అలాయ్ చక్రాలకి వాషరుతో వచ్చే ఆ నట్టుని కోన్ గుంటలో పెడితే వాషరు అంచు మాత్రమే ఆనుతుంది.

ఇదంతా చెప్పినా బావ నమ్మలేదు. “చెల్లెమ్మ కాటుక తెచ్చి గుంట వాలు మీద పలచగా రాయి, నట్టు చేత్తో బిగించి తియ్యి” అన్నాను. నట్టు మీద నల్లగా సన్నని వలయం పడింది, అంతే. సరైన నట్టయితే వాలు మొత్తానికి అంటుకోవాలి. కాటుక తుడిచేసి చూస్తే గుంట మధ్యలో మెరిసే గీత, దాని చుట్టూ బూడిదరంగు పొడి. రంధ్రం కోలగా సాగలేదు కాబట్టి చక్రం పనికొచ్చింది. సాగి ఉంటే పారెయ్యమనేవాణ్ణి.

మా షాపులో బాల్, కోన్, ఫ్లాట్ నట్లకి వేరువేరు డబ్బాలుంటాయి. ఒకదాన్ని ఇంకోదాంట్లో వేస్తే సూపర్‌వైజర్ అరుస్తాడు. ఎందుకని మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మా వైపు అలా కుదరదు. రావులపాలెం ఆయనకి బావ కాటుక సంగతి చెబితే, “అయితే మారుతీ నట్టు వేస్తే సరిపోద్దా, అదీ కోనే కదండీ?” అని అడిగాడట. భలే ప్రశ్న! కోన్ నిజమే కానీ చాలా మారుతీలకి మర పిచ్ 1.25, ఈ స్టడ్‌కి ఎక్కదు. నాకు ఇక్కడ అలాంటి ప్రశ్న అడిగే మనిషి దొరకడు.

చివరికి 1.5 పిచ్ కోన్ నట్లు, ఆ చక్రానికి కొత్త స్టడ్‌లు వేయించారు. మరకి నూనె రాయొద్దన్నాను, 108 అంకె పొడి మరకి చెప్పింది. వంద కిలోమీటర్లు తిరిగాక బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ చూశారు, ఏదీ కదల్లేదు. పాత బాల్ నట్లు మాత్రం పారెయ్యొద్దని బావకి గట్టిగా చెప్పాను. డిక్కీలో ఉన్న స్టెప్నీ కంపెనీ చక్రమే, దాని గుంట గుండ్రమే. వాటిలో నాలుగు నట్లు సంచిలో కట్టి స్టెప్నీ పక్కనే పెట్టించాను.